జూన్ డబ్బు ఎవరిది?

ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవారికి జూన్, జూలై నెలలు చాలా మంచివి. కొత్తావకాయ కోసం ఫోన్లు ఆగవు. ఆ నెలల్లో చేతికొచ్చే డబ్బంతా సంపాదనలాగే కనిపిస్తుంది. పిల్లల ఫీజులు, ఫ్రిజ్ వాయిదా, పెళ్లి చదివింపులు అన్నీ అందులోంచే జరిగిపోతాయి. మళ్లీ ఏప్రిల్‌లో కాయలు, కారం, నూనె కొనే వేళకు గొలుసు తాకట్టు పెట్టాల్సి వస్తుంది. వ్యాపారం నష్టంలో ఉండి కాదు, వచ్చే ఏడాది సరుకు డబ్బును ఇల్లు ముందే తినేసింది కాబట్టి.

ఒక లెక్క ఊహించుకుందాం. రాజమండ్రిలో ఒకావిడ ఏప్రిల్, మే నెలల్లో కాయలకు, కారానికి, ఆవపిండికి, నూనెకు, సీసాలకు 1,80,000 రూపాయలు సొంత పొదుపులోంచి పెట్టారు. తర్వాత నెలనెలా ప్యాకింగు, కొరియర్, గ్యాసు, సాయానికొచ్చే మనిషి కూలికి 10,000 అవుతుంది. అమ్మకాలు జూన్, జూలైలలో 80,000 చొప్పున, ఆగస్టు నుంచి నవంబరు దాకా నెలకు 40,000, జనవరిలో మళ్లీ 40,000. డిసెంబరు, ఫిబ్రవరిలలో 30,000 చొప్పున. ఆ తర్వాత మార్చిలో 25,000, ఏప్రిల్‌లో 20,000, మేలో 15,000కు జారతాయి. ఏడాది మొత్తం 4,80,000. ఖర్చులన్నీ తీసేస్తే మిగిలేది 1,80,000, అంటే సగటున నెలకు 15,000.

అయితే నెలకు 15,000 ఇంటికి తీసుకోవచ్చా? తీసుకుంటే వచ్చే మే చివరికి సరుకు కొన్నాక ఖాతాలో సున్నా ఉంటుంది. మిరప ధర పెరిగినా, ఒక జాడీకి బూజు పట్టినా అప్పే గతి. అందుకే ఇంటికిచ్చే మొత్తాన్ని సగటు చూసి కాకుండా, అమ్మకాలు తగ్గే నెలలు చూసి నిర్ణయించుకోవాలి. ఏప్రిల్‌లో ఖర్చులు పోను మిగిలేది 10,000. ఆవిడ జీతం అదే అనుకుందాం. జూన్‌లో 80,000 వచ్చినా ఇంటికి వెళ్లేది 10,000, ఖర్చులు పోగా 60,000 ఖాతాలోనే ఉంటుంది. మార్చి చివరికి అక్కడ 2,45,000 చేరుతుంది. సరుకంతా అందులోంచే కొని, మే చివరికి ఇంకా 60,000 మిగులుతుంది. అప్పుడు అందులో సగం ఇంటికి తీసుకోవచ్చు, లేదా మరుసటి ఏడాది జీతాన్ని 12,000 చేసుకోవచ్చు. మిగతాది కాయ ధర మండిపోయే ఏడాదికి అండ.

ఇదంతా జరగాలంటే వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా ఉండాలి. అవసరమైన పత్రాలుంటే కరెంట్ ఖాతా మంచిది. ఖాతా తెరిచాక చాలామంది ఒకచోట జారిపోతారు. కొనేవాళ్లు ఫోన్ నంబరుకు డబ్బు పంపితే, అది యూపీఐలో మనం ప్రధాన ఖాతాగా పెట్టుకున్న దాంట్లోకి, అంటే తరచుగా ఇంటి ఖాతాలోకే, వెళ్లిపోతుంది. కాబట్టి కొత్త ఖాతాకు క్యూఆర్ కోడ్ తీసుకుని, ఆర్డరు ఇచ్చిన ప్రతివారికీ అదే పంపాలి. చేతికొచ్చిన నగదును కూడా వారానికోసారి అందులోనే వేయాలి. జీతం మాత్రం ప్రతినెలా ఒకే తేదీన ఇంటి ఖాతాకు బదిలీ కావాలి. కూరగాయలకు ఈ ఖాతాలోంచి చెల్లించడం మొదలైతే, అది పేరుకే వేరు ఖాతా.

డబ్బు కాని రూపంలోనూ ఇల్లు తీసుకుంటూ ఉంటుంది. ఆడపడుచుకు పంపిన రెండు కిలోల మాగాయ, ఇంట్లో విప్పిన గోంగూర సీసా కూడా సరుకే. ఇవ్వొద్దని నేననను, మనవాళ్లకు పెట్టకుండా పచ్చడి ఏం పడతాం? తయారీ ఖర్చెంతో చూసి, ఇంటికి వెళ్లినట్టు నోటు పుస్తకంలో రాయాలి. అలా రాయకపోతే ఏడాది చివర సరుకు తగ్గుతుంది, డబ్బు కనిపించదు, తప్పంతా ధరదే అనిపిస్తుంది.

ఇంట్లో ఎవరో ఆసుపత్రిలో చేరితే ఖాతాలో ఉన్న డబ్బు తీయక తప్పదు. తీయాలి కూడా. కానీ ‘ఇంటికి అప్పు’ అని తేదీతో రాసుకుని, కుదిరిన నెలలో జీతంలోంచి వెయ్యో రెండువేలో వెనక్కి వేయాలి. ఆ వరుస ఉంటే ఏప్రిల్‌కు ఎంత తగ్గుతుందో డిసెంబరులోనే తెలుస్తుంది, కాయలు కాస్త తక్కువ కొనాలా అన్నది ముందే తేల్చుకోవచ్చు.

మంచి నెలల్లో కూడా జీతం తీయడం కష్టమవుతుంటే సీసా ధర చూడాలి. చాలామంది కాయ, నూనె, కారం లెక్కేసి పైన కొంత కలుపుతారు. కాయ తుడిచి, ముక్కలు కొట్టి, జాడీ తిరగేసిన తమ గంటలు అందులో ఉండవు. జీతాన్ని ఏడాదికి అమ్మిన కిలోలతో భాగిస్తే కిలోకు ఎంత కలపాలో తేలుతుంది. పన్ను దగ్గర మాత్రం ఈ జీతం ఖర్చు కింద తీసివేతకు రాదు. సొంత వ్యాపారంలో యజమాని తీసుకునేది సొంత వాడకమే, ఆదాయపు పన్ను మొత్తం లాభం మీద లెక్కకొస్తుంది. పై లెక్కలో ఇంటికి చేరింది 1,20,000 అయినా, ఆదాయంగా చూడాల్సింది 1,80,000.