16 పిక్సెళ్లలో ‘ప’: చిహ్నాల అంచులు ఎందుకు మసకబారుతాయి?

తెలుగు లిపిలో ‘ప’కూ ‘వ’కూ మధ్య ఉన్న ప్రధానమైన తేడా ఒక చిన్న ఖాళీ. ‘వ’లో తలకట్టు అక్షరానికి అతుక్కొని ఉంటుంది, ‘ప’లో అది విడిగా, కాస్త పైన నిలుస్తుంది. అచ్చు పుస్తకంలో ఈ ఎడాన్ని కన్ను శ్రమ లేకుండా పట్టుకుంటుంది. ఒక తెలుగు పదకోశపు వెబ్‌సైటు ఆ ‘ప’నే తన చిహ్నంగా ఎంచుకుందనుకుందాం. ముదురు నీలం చదరం మీద తెల్లని అక్షరం. ఫోను తెర మీద అది ముచ్చటగానే ఉంటుంది. బ్రౌజరు ట్యాబులో 16 పిక్సెళ్ల చదరానికి కుదించుకుపోయినప్పుడు మాత్రం ఖాళీ పూడుకుపోయి, ‘వ’ అని చదివే వీలు ఏర్పడుతుంది. బొమ్మ ఒకటే అయినా ఫలితం ఎందుకు మారుతుందన్నది చిన్న లెక్కతో తెలుస్తుంది.

మూలచిత్రాన్ని 512 ప్రమాణాల చదరంలో గీశారనుకుందాం. తలకట్టుకూ కింది భాగానికీ మధ్య ఖాళీ 24 ప్రమాణాలు. 512 పిక్సెళ్ల బొమ్మగా ఎగుమతి చేస్తే ఆ ఖాళీకి 24 పిక్సెళ్లు దక్కుతాయి. 16 పిక్సెళ్లకు కుదిస్తే 32 ప్రమాణాలకు ఒక్క పిక్సెలే వస్తుంది కనుక, ఖాళీకి మిగిలేది ముప్పాతిక పిక్సెలు. పిక్సెలుకు ఒక్క రంగే ఉండగలదు. అందువల్ల తెలుపు, నీలం రెండూ ఒకే పిక్సెలులో పడినచోట, అవి ఆక్రమించిన పాళ్లను బట్టి సాఫ్ట్‌వేరు ఒక మధ్యస్థపు రంగును నింపుతుంది. ఖాళీ మొత్తం ఒకే పిక్సెలు వరుసలో పడితే ఆ వరుసలో నాలుగింట మూడు వంతులు నీలమే ఉంటుంది. ఎడం ఏదో కనిపిస్తుంది. అదే ఖాళీ రెండు వరుసల మధ్య సరిహద్దు మీద సగం సగంగా పడితే, ఒక్కో వరుసలో నీలం పాలు 37.5 శాతమే. మిగిలిందంతా తెలుపు. అప్పుడు ఖాళీ ఉండవలసిన చోట లేత నీలపు మరక మాత్రం కనబడుతుంది.

వెక్టర్ చిత్రం వాడితే ఈ చిక్కు తీరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఎస్‌వీజీ ఫైలులో ఉండేవి పిక్సెళ్లు కావు, గీతల వర్ణనలు. అందుచేత ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు. కానీ తెర మీదికి వచ్చే క్షణంలో ఆ వర్ణనను పిక్సెళ్లుగా మార్చక తప్పదు, ఆ మార్పు పైన చెప్పిన లెక్క ప్రకారమే జరుగుతుంది. పెంచినప్పుడు కలిగే నష్టాన్ని వెక్టర్ నివారిస్తుంది. కుదించినప్పుడు చోటు చాలకపోవడాన్ని నివారించలేదు.

కనుక చిన్న పరిమాణానికి వేరే చిత్రం గీయాలి. దానికి 16 ప్రమాణాల చదరాన్ని తీసుకొని, ఒక్కో ప్రమాణాన్నీ ఒక్కో పిక్సెలుగా భావిస్తే పని సులువవుతుంది. పైనా కిందా రెండేసి పిక్సెళ్ల అంచు వదిలితే అక్షరానికి 12 మిగులుతాయి. అందులో తలకట్టుకు 3, ఖాళీకి 1, కింది భాగానికి 8. గీత మందం 2. ఖాళీకి పైనా కిందా ఉన్న హద్దులు కచ్చితంగా పూర్ణసంఖ్యల దగ్గర ఉండాలి. అప్పుడే ఆ వరుస కల్తీలేని నీలంగా వస్తుంది. అసలు అక్షరంతో పోలిస్తే ఈ ఖాళీ నిష్పత్తిలో ఎక్కువే. ఆ అతిశయోక్తే ఇక్కడ అక్షరాన్ని కాపాడుతుంది. వంపుల దగ్గర మాత్రం మధ్యస్థపు రంగులు ఉండనివ్వాలి. వాటిని తీసేస్తే తెలుగు అక్షరపు గుండ్రదనం మెట్లుమెట్లుగా విరిగిపోతుంది.

ఈ చిన్న చిత్రం 32, 48 పిక్సెళ్లకూ పనికొస్తుంది. అవి 16కు సరిగ్గా రెండు, మూడు రెట్లు కనుక హద్దులు మళ్లీ పూర్ణసంఖ్యల మీదే పడతాయి. సాంద్రత ఎక్కువున్న తెరలు ట్యాబు చిహ్నానికి 32 పిక్సెళ్లనే వాడుకుంటాయి. 150 శాతం స్కేలింగు పెట్టిన తెర మీద 24 పిక్సెళ్లు కావాలి. అక్కడ ఖాళీ ఒకటిన్నర పిక్సెళ్లయి కొంత మసక తప్పదు, అయినా పూడిపోదు. ఐఫోను హోం తెరకు 180, ఆండ్రాయిడ్ ఫోన్లకు 192, 512 పిక్సెళ్ల బొమ్మలను మొదటి చిత్రం నుంచే తీయాలి. ఐఫోను మూలలను తానే గుండ్రంగా కత్తిరిస్తుంది కనుక 180 పిక్సెళ్ల బొమ్మను నిండు చదరంగానే ఇవ్వాలి.

ప్రతి పరిమాణాన్నీ నేరుగా వెక్టర్ నుంచే ఎగుమతి చేయాలి. ఒక పీఎన్‌జీని కుదించి మరో పీఎన్‌జీ చేస్తే, ఒకసారి కలిసిన రంగులు మళ్లీ కలుస్తాయి. ఇంక్‌స్కేప్, ఇమేజ్‌మేజిక్ ఉన్న కంప్యూటరులో ఈ ఆదేశాలు సరిపోతాయి:

```
inkscape small.svg -w 16 -h 16 -o icon-16.png
inkscape small.svg -w 32 -h 32 -o icon-32.png
inkscape small.svg -w 48 -h 48 -o icon-48.png
inkscape large.svg -w 180 -h 180 -o apple-touch-icon.png
magick icon-16.png icon-32.png icon-48.png favicon.ico
```

చివరి ఆదేశం మూడు బొమ్మలను ఒకే ఫైలులో పొదుగుతుంది. బ్రౌజరు తనకు కావలసినదాన్ని ఎంచుకుంటుంది. ట్యాబుకు ఎస్‌వీజీని కూడా ఇవ్వదలిస్తే చిన్న చిత్రాన్నే ఇవ్వాలి, పెద్దదాన్ని కాదు. ఇక్కడే తెలుగువారికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. ఎస్‌వీజీలో ‘ప’ను టైపు చేసిన అక్షరంగా వదిలేస్తే, చూసేవారి కంప్యూటరులో ఉన్న ఏదో ఒక తెలుగు ఖతి దాన్ని గీస్తుంది, ఖతి లేకపోతే ఖాళీ డబ్బా కనిపిస్తుంది. చిహ్నంగా వాడే ఎస్‌వీజీ బయటినుంచి ఖతిని తెచ్చుకోలేదు. అందువల్ల ఎగుమతికి ముందే అక్షరాన్ని గీతలుగా మార్చాలి. ఇంక్‌స్కేప్‌లో ఆ ఆదేశం పేరు `Object to Path`.

ఇక పిక్సెళ్ల బొమ్మలకు పీఎన్‌జీయే ఎందుకు? ఛాయాచిత్రాల కోసం రూపొందిన జేపెగ్ బొమ్మను ఎనిమిదేసి పిక్సెళ్ల చదరపు గడులుగా విడదీసి, ఒక్కో గడిలో కంటికి అంతగా ఆనని సూక్ష్మమైన మార్పులను వదిలేస్తుంది. తెలుపు ఆగి నీలం మొదలయ్యే పదునైన అంచు సరిగ్గా అలాంటి మార్పే. దాన్ని వదిలేయగానే అంచు చుట్టూ అలల వంటి మచ్చలు తేలుతాయి. 16 పిక్సెళ్ల చిహ్నంలో ఉండేవి నాలుగు గడులే కనుక మచ్చ పడని చోటంటూ ఉండదు. పైగా జేపెగ్ సాధారణంగా రంగును రెండు పిక్సెళ్లకొకసారి మాత్రమే దాస్తుంది. ఒక్క పిక్సెలు నీలపు ఖాళీ అలా కూడా పలచబడుతుంది. జేపెగ్‌లో పారదర్శకతకూ తావు లేదు. పీఎన్‌జీ ఏ పిక్సెలునూ మార్చకుండా కుదిస్తుంది. రెండు మూడు రంగుల చిహ్నంలో ఒకే రంగు పదేపదే వస్తుంది కనుక ఫైలూ చిన్నదే అవుతుంది. ఒకసారి జేపెగ్‌గా దాచినదాన్ని తర్వాత పీఎన్‌జీగా మార్చడం మాత్రం నిష్ఫలం. పీఎన్‌జీ ఆ మచ్చలను కూడా అంతే నమ్మకంగా కాపాడుతుంది.

పని సరిగా జరిగిందో లేదో తేల్చుకోవడానికి రెండు పరీక్షలున్నాయి. ట్యాబు ఫోటోను స్క్రీన్‌షాటుగా తీసి, పిక్సెళ్లు గడులుగా కనిపించేంతవరకూ పెంచి, తలకట్టు కింది వరుసను చూడాలి. ఆ వరుస నీలం, నేపథ్యపు నీలం ఒకటే అయితే ఖాళీ నిలిచినట్టు. రెండోది, ఆ సైటు పేరు తెలియని తెలుగువారికి అసలు పరిమాణంలోనే ట్యాబును చూపించి, అది ఏ అక్షరమో అడగడం. వారు తడుముకోకుండా ‘ప’ అనకపోతే, ఫైలు రకం ఏదైనా సరే, చిన్న చిత్రాన్ని మళ్లీ గీయవలసిందే.