థైరాయిడ్ మాత్రకూ కాఫీకీ మధ్య గంట

థైరాయిడ్ గ్రంథి తగినంత హార్మోన్ తయారు చేయలేనప్పుడు ఆ లోటును తీర్చడానికి ఇచ్చే మందు లెవోథైరాక్సిన్. ఇది మిల్లీగ్రాముల్లో కాదు, మైక్రోగ్రాముల్లో వాడే మందు. 25, 50, 75, 100 అని సీసాల మీద కనిపించే అంకెలు అవే. ఇంత తక్కువ మోతాదులో కొంత భాగం పేగుల్లోనే ఉండిపోయినా రక్తపరీక్షలో తేడా తెలిసిపోతుంది. అందుకే ఏ మాత్ర అన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఎప్పుడు, దేనితో వేసుకుంటున్నారన్నదీ అంతే ముఖ్యం.

మింగిన మాత్ర ముందు జీర్ణాశయంలోని ఆమ్లంలో కరగాలి. ఆ తర్వాత చిన్నపేగు గోడల గుండా రక్తంలోకి చేరాలి. పరగడుపున మంచినీళ్లతో వేసుకున్నా మందంతా ఒంటికి పట్టదు, సుమారు 60 నుంచి 80 శాతమే చేరుతుంది. కడుపులో ఆహారం ఉంటే అది ఇంకా తగ్గుతుంది. కాఫీ ఆహారమేమీ కాదు కదా, కడుపు ఖాళీగానే ఉన్నట్టే కదా అని చాలామంది అనుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తుంది.

ఇటలీలోని మెస్సీనా విశ్వవిద్యాలయానికి చెందిన సాల్వతోర్ బెన్‌వెంగా బృందం 2008లో ఈ సంగతిని పరిశీలించి ప్రచురించింది. మాత్రను నీళ్లతో వేసుకున్నప్పటికంటే ఎస్ప్రెస్సో కాఫీతో వేసుకున్నప్పుడు రక్తంలోకి చేరిన హార్మోన్ సుమారు పావు వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గింది. నీళ్లతో మాత్ర వేసుకుని, గంట ఆగి కాఫీ తాగినవారిలో ఆ తగ్గుదల కనిపించలేదు. ఆ పరీక్షలో పాల్గొన్నవారు కొద్దిమందే. పైగా వాళ్లు తాగింది పాలు లేని కాఫీ. మన ఇళ్లలో డికాషన్‌లో పాలు కలుస్తాయి, పాలలోని కాల్షియం కూడా ఈ మందును పట్టి ఉంచుతుంది. కాబట్టి పాల కాఫీకి మినహాయింపు ఉంటుందని అనుకోవడానికి వీల్లేదు. టీ విషయంలోనూ అదే జాగ్రత్త మంచిది.

ఒక ఉదాహరణ చూద్దాం. రోజుకు 75 మైక్రోగ్రాముల మాత్ర రాసిచ్చిన ఒకావిడ ఉదయం ఆరింటికి లేచి, మాత్ర నోట్లో వేసుకుని కాఫీతోనే మింగుతుంది. పరీక్షలో టీఎస్‌హెచ్ 9 వస్తుంది. పెద్దవాళ్లలో అది సాధారణంగా 4 చుట్టుపక్కల దాటకూడదు. హార్మోన్ చాలడం లేదని మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి గట్టిగా అడుగుతోందని దాని అర్థం. మాత్ర క్రమం తప్పకుండా వేసుకుంటున్నానని ఆవిడ చెబుతుంది, అది నిజమే. దేనితో వేసుకుంటున్నారని ఎవరూ అడగకపోతే మోతాదు 100కు పెరుగుతుంది. టీఎస్‌హెచ్ 3కు దిగుతుంది, అందరూ ఊరట పడతారు.

అసలు తిరకాసు ఆ తర్వాత ఎదురవుతుంది. కొన్ని నెలలకు ఎవరో చెప్పగా ఆవిడ నీళ్లతో మాత్ర వేసుకుని గంట తర్వాత కాఫీ తాగడం మొదలుపెడుతుంది. మంచి అలవాటే. కానీ ఇప్పుడు అదే 100 మైక్రోగ్రాముల్లో ఎక్కువ భాగం రక్తంలోకి చేరుతుంది. గుండెదడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, ఉక్కపోత కనిపించవచ్చు. పెద్ద వయసువారిలో గుండె లయ తప్పే ప్రమాదం కూడా ఉంది. అందుకే అలవాటు మార్చేటప్పుడు డాక్టరుకు ముందే చెప్పాలి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూపించుకోవాలి. ఈ హార్మోన్ రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, అంచేత అంతకంటే ముందు చేసే పరీక్ష అసలు పరిస్థితిని చూపించదు. సొంతంగా మోతాదు తగ్గించుకోవడం కూడా తగదు.

రోజువారీ పద్ధతి చెప్పుకోవాలంటే, లేవగానే ఒక గ్లాసు నీళ్లతో మాత్ర, గంట తర్వాత కాఫీ, ఆపైన టిఫిన్. గంట కుదరకపోతే కనీసం అరగంటైనా, అదీ రోజూ ఒకేలా ఉండాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు మాత్రం ఈ గంట సరిపోదు, నాలుగు గంటల ఎడం కావాలి. గర్భిణులు ఈ మూడూ వాడుతుంటారు గనుక వాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

తెల్లవారగానే కాఫీ లేనిదే గడవనివారికి మరో దారి ఉంది. నెదర్లాండ్స్‌లో చేసిన, 2010లో వెలువడిన ఒక పరిశోధనలో రాత్రి పడుకునే ముందు మాత్ర వేసుకున్నప్పుడు హార్మోన్ స్థాయి ఉదయం వేసుకున్నప్పటికంటే మెరుగ్గా ఉంది. అయితే భోజనం చేసి కనీసం మూడు గంటలు గడవాలి. రాత్రి తొమ్మిదిన్నరకు తిని పదింటికి పడుకునే ఇంట్లో ఇది కుదరదు, ఏడింటికే తినేవారికి బాగా నప్పుతుంది. ఈ మార్పు తర్వాత కూడా పరీక్ష అదే గడువులో చేయించుకోవాలి.