కాంట్రాక్టు పనుల రెజ్యూమె: జీతం ఇచ్చినవారే శీర్షిక

నాలుగేళ్లలో ఎనిమిది చోట్ల పనిచేసినట్టు కనిపించే రెజ్యూమె చూడగానే రిక్రూటర్‌కు ఒకటే అనుమానం వస్తుంది. ఈ మనిషి పని పూర్తయ్యాక బయటికొచ్చాడా, మధ్యలో వదిలేశాడా? ఆరు నెలల కాంట్రాక్టు ఆరు నెలలకు ముగియడం సహజం. ఆరు నెలలకే ఉద్యోగం మానేయడం అలాంటిది కాదు. కానీ కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఎందుకంటే చాలామంది రెండింటినీ ఒకే పద్ధతిలో రాస్తారు: కంపెనీ పేరు, హోదా, మొదలైన నెల, ముగిసిన నెల. హైదరాబాద్, బెంగళూరు ఐటీ రంగంలో పేరోల్ కాంట్రాక్టుల మీద, ఫ్రీలాన్సింగ్ మీద బతికే వేలమంది తెలుగు యువత ఇక్కడే నష్టపోతున్నారు. చేసిన పనిలో తప్పేమీ లేదు, దాన్ని పేర్చిన తీరే వాళ్లకు అడ్డుపడుతోంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఇంజనీర్ ఉందనుకోండి. 2019 జూన్ నుంచి 2021 మే దాకా ఒక కంపెనీలో పర్మనెంట్ ఉద్యోగం చేసింది. 2021 జూలైలో ఒక స్టాఫింగ్ కంపెనీ పేరోల్‌లో చేరింది. ఆ కంపెనీ ఆమెను ముందు ఒక ప్రైవేటు బ్యాంకుకు ఏడు నెలలు పంపింది, తర్వాత ఒక బీమా సంస్థకు ఐదు నెలలు. ఆపైన అదే బ్యాంకు మళ్లీ ఆమెనే అడిగి ఎనిమిది నెలలు ఉంచుకుంది. అది 2023 ఫిబ్రవరిలో ముగిసింది. ఏప్రిల్ నుంచి 2024 డిసెంబరు దాకా ఫ్రీలాన్సింగ్: ఒక ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కు ఐదు నెలలు, ఒక చదువుల యాప్‌కు నాలుగు, ఒక సరుకు రవాణా సంస్థకు మూడు, మళ్లీ ఆసుపత్రి వాళ్లే పిలిస్తే ఇంకో నాలుగు. 2025 ఫిబ్రవరిలో మరో కంపెనీ పేరోల్‌లో ఆరు నెలల కాంట్రాక్టుకు చేరింది, అది రెండుసార్లు పొడిగించారు.

ఆమె మొదటి రెజ్యూమెలో ఇవన్నీ విడివిడిగా తొమ్మిది ఎంట్రీలుగా ఉన్నాయి. పైనుంచి కిందికి చూస్తే ఐదు నెలలు, నాలుగు నెలలు, మూడు నెలలు అన్న అంకెలే కళ్లకు తగులుతాయి. బ్యాంకు రెండోసారి పిలిచిందన్న సంగతి రెండు ఎంట్రీల మధ్య నలిగిపోయింది. పైగా బ్యాంకు పేరును యజమాని స్థానంలో రాయడం వల్ల, వెరిఫికేషన్ చేసేవాళ్లు బ్యాంకు హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడితే 'ఈ పేరుతో మా దగ్గర ఉద్యోగి లేరు' అన్న జవాబే వస్తుంది. అది అబద్ధం కాదు. ఆమె బ్యాంకు ఉద్యోగి ఎప్పుడూ కాదు.

అందుకే పేర్చేటప్పుడు మొదట అడగాల్సింది, ఎక్కడ కూర్చుని పనిచేశాను అని కాదు, జీతం ఎవరి ఖాతా నుంచి వచ్చింది అని. జీతం ఇచ్చినవారే శీర్షిక. పని చేయించుకున్నవారు దాని కింద క్లయింట్లు. ఈ లెక్కన పై తొమ్మిదీ నాలుగవుతాయి. స్టాఫింగ్ కంపెనీ ఒక శీర్షిక, 2021 జూలై నుంచి 2023 ఫిబ్రవరి వరకు, అంటే ఇరవై నెలలు. దాని కింద రెండే క్లయింట్లు. బ్యాంకు వరుసలో 'రెండు విడతలు, మొత్తం 15 నెలలు, రెండోసారి క్లయింటే అడిగి పిలిపించుకున్నారు' అని రాయాలి. పొడిగింపు, మళ్లీ పిలుపు: కాంట్రాక్టు మనిషికి నిలకడ రుజువులు ఈ రెండే. చాలామంది ఇవి రాయరు, అదేదో గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని. నా ఉద్దేశంలో రెజ్యూమెలో వీటికన్నా విలువైన వాక్యం లేదు. ప్రస్తుతపు పనికి కూడా 'కాంట్రాక్టు, ఆరు నెలలకు మొదలై రెండుసార్లు పొడిగింపు' అని శీర్షిక పక్కనే ఉండాలి, కింద ఎక్కడో చివరి వరుసలో కాదు.

ఫ్రీలాన్స్ కాలానికి జీతం ఇచ్చినవారు ఒకరు ఉండరు కనుక తానే శీర్షిక: 'ఫ్రీలాన్స్ టెస్టింగ్ ఇంజనీర్, 2023 ఏప్రిల్ – 2024 డిసెంబరు'. లేని కంపెనీ పేరు కల్పించి, తనకు తానే డైరెక్టర్ అని రాసుకోవడం వద్దు. సంస్థ నమోదై ఉంటేనే దాని పేరు. ఈ శీర్షిక కింద ఒక్కో ప్రాజెక్టుకు మొదలు, ముగింపు తేదీలు అక్కర్లేదు, ఎన్ని నెలలన్నది చాలు. ముఖ్యంగా చెప్పాల్సింది ఏం అప్పజెప్పారన్నది. 'ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను' అంటే ఏమీ తెలియదు. 'బిల్లింగ్, ల్యాబ్ రిపోర్టుల విభాగాలకు ఆటోమేటెడ్ పరీక్షలు రాసి అప్పగించాను. ప్రతి రిలీజ్‌కు ముందు రెండు రోజులు పట్టే పరిశీలన ఒక పూటలో ముగుస్తోంది. నాలుగు నెలల రెండో విడత పనికి మళ్లీ పిలిచారు' అంటే పని పూర్తయిందని చదివేవాడికి తనంతట తనకే అర్థమవుతుంది. క్లయింటు పేరు బయటపెట్టకూడదన్న ఒప్పందం మీద సంతకం చేసి ఉంటే 'ఒక మధ్యస్థాయి కార్పొరేట్ ఆసుపత్రి' అంటే సరిపోతుంది. మూడు వారాల పనులు, స్నేహితుడి వెబ్‌సైటు లాంటివి వదిలేయవచ్చు. రెజ్యూమె అంటే బ్యాంకు పాస్‌బుక్కు కాదు, ప్రతి లావాదేవీ అందులో కనిపించనక్కర్లేదు.

ఇక్కడ ఒక హద్దు ఉంది. ఆమె ఇరవయ్యొక్క నెలల ఫ్రీలాన్సింగ్‌లో ప్రాజెక్టులున్నవి పదహారు నెలలే. మధ్యలో నెలో రెండు నెలలో ఖాళీలు ఉండటం ఈ వృత్తిలో మామూలే, వాటిని శీర్షిక కప్పడంలో మోసం లేదు. కానీ ఒక్క ప్రాజెక్టు చేసి, ఆపైన ఏడాది ఇంట్లో ఉండి, మొత్తాన్నీ ఫ్రీలాన్స్ అని రాస్తే అది నిలవదు. 'ఆ ఏడాదిలో చివరి ఇన్‌వాయిస్ ఏ నెలలో ఇచ్చారు?' అని ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న వేస్తే చాలు. అలాంటప్పుడు ఖాళీని ఖాళీగానే రాయడం మేలు: 'కుటుంబ బాధ్యతలు' లేదా 'కోర్సు చేశాను' అని ఒక్క వరుస.

తారీఖుల దగ్గర మరో ఉపాయం చాలామంది వాడుతుంటారు. నెలలు తీసేసి '2022 – 2023' అని రాయడం. డిసెంబరులో చేరి జనవరిలో మానేసినా ఇలాగే రాయవచ్చని రిక్రూటర్లకు బాగా తెలుసు. చిన్న కాంట్రాక్టులున్నవారు నెలలు దాస్తే అనుమానం పెరుగుతుందే కానీ తగ్గదు. అలాగే తేదీలన్నీ తీసేసి నైపుణ్యాల జాబితా మాత్రమే ఇచ్చే రెజ్యూమె కూడా. ఏదో దాస్తున్నారన్న భావన మొదటి పేజీలోనే కలుగుతుంది.

మన దగ్గర ఈ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువే కావాలి. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు అమ్మే కన్సల్టెన్సీల సంగతి హైదరాబాద్‌లో ఉద్యోగం వెతికిన ఎవరికైనా తెలుసు. వాటి దెబ్బ నిజంగా పనిచేసిన కాంట్రాక్టు ఉద్యోగుల మీద పడుతోంది. పేరు వినని స్టాఫింగ్ కంపెనీ రెజ్యూమెలో కనిపిస్తే హెచ్‌ఆర్ ముందు అడిగేది పీఎఫ్ వివరాలే. ఉద్యోగి యూఏఎన్ నంబరు కింద ఏ కంపెనీలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు బయటికొచ్చారు అన్న సర్వీస్ హిస్టరీ మొత్తం ఉంటుంది. రెజ్యూమె పంపే ముందే అది తెరిచి చూసుకోవాలి. చేరిన నెల, వెళ్లిన నెల అక్కడ ఎలా ఉంటే రెజ్యూమెలోనూ అలాగే ఉండాలి. పాత కంపెనీ నిష్క్రమణ తేదీ నమోదు చేయకుండా వదిలేస్తే ఒకేసారి రెండు ఉద్యోగాలు చేసినట్టు కనిపిస్తుంది. చివరి పీఎఫ్ జమ తర్వాత రెండు నెలలు దాటితే ఆ తేదీని ఉద్యోగే పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు.

కాంట్రాక్టు అనే మాటలోనే రెండు రకాలున్నాయన్నది కూడా చూసుకోవాలి. నెలనెలా జీతం స్లిప్పు ఇచ్చి పీఎఫ్ కోసేది ఒకటి. 'కన్సల్టెంట్' అని పిలిచి, ఇన్‌వాయిస్ తీసుకుని, టీడీఎస్ మినహాయించి డబ్బు వేసేది మరొకటి. రెండో దానిలో పీఎఫ్ ఉండదు, కనుక ఆ కంపెనీని యజమానిగా రాస్తే వెరిఫికేషన్‌లో ఏ ఆధారమూ దొరకదు. అది ఫ్రీలాన్స్ శీర్షిక కింద క్లయింటుగా రాయాల్సిన పని. దానికి ఆధారాలు వేరు: ఒప్పంద పత్రం, ఇన్‌వాయిస్‌లు, టీడీఎస్ సర్టిఫికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంటు. పని ముగిసిన వారంలోనే క్లయింటు నుంచి ఒక చిన్న మెయిల్ తీసుకోవాలి, పని ఎప్పుడు మొదలై ఎప్పుడు పూర్తయిందో రాసి ఇవ్వమని. ఏడాది తర్వాత అడిగితే అప్పటి మేనేజర్ అక్కడ ఉండకపోవచ్చు.

అమెరికా నుంచి తిరిగొచ్చేవారికి ఇదే చిక్కు వేరే రూపంలో ఎదురవుతుంది. అక్కడ కాంట్రాక్టు మీద పనిచేసే మనవాళ్లు రెజ్యూమెలో క్లయింట్ల పేర్లనే శీర్షికలుగా పెట్టడం అలవాటు. అక్కడి రిక్రూటర్లకు అది అర్థమవుతుంది. కానీ హెచ్-1బీ వీసా తీసుకున్న కంపెనీ ఒక్కటే ఆరేళ్లు జీతం ఇచ్చినా, ఇక్కడ చదివేవారికి ఆరు ఉద్యోగాలు మారినట్టు కనిపిస్తుంది. వాళ్లు కూడా వీసా కంపెనీని శీర్షిక చేసి, క్లయింట్లను దాని కిందికి దించుకోవాలి.

ఈ అమరిక దేన్ని దాచలేదో చెప్పాలి. పన్నెండు నెలల కాంట్రాక్టును మూడో నెలలో తానే వదిలేసినవారు దాన్ని 'పూర్తయింది' అని రాయకూడదు. వేర్వేరు పేరోల్ కంపెనీల్లో వరుసగా అలా జరిగి ఉంటే శీర్షికలు నాలుగుకు కుదరవు, అవి విడిగానే ఉంటాయి. 'కాంట్రాక్టు పనులు' అని ఒక పెద్ద శీర్షిక కింద వాటిని చేర్చవచ్చు, కానీ ప్రతి కంపెనీ పేరూ దాని నెలలూ కనిపించాలి. ఎందుకంటే ఆఫర్ వచ్చాక కంపెనీ పంపే వెరిఫికేషన్ ఫారంలో గుంపుగా రాసే వీలుండదు. అందులో జీతం ఇచ్చిన ప్రతి సంస్థకూ విడిగా గడి ఉంటుంది. రెజ్యూమెలో లేని పేరు అక్కడ ప్రత్యక్షమైతే చేతికొచ్చిన ఆఫర్ చేజారిపోవచ్చు.

రెజ్యూమె మార్చాక నౌక్రి, లింక్డిన్ ప్రొఫైళ్లను కూడా అదే రోజు మార్చాలి. లింక్డిన్‌లో ఒకే కంపెనీ కింద పలు హోదాలు చేర్చవచ్చు, ప్రతిదానికీ కాంట్రాక్టు అనో ఫ్రీలాన్స్ అనో గుర్తు పెట్టవచ్చు. నౌక్రిలో ఉద్యోగాలకు ఒక విభాగం, ప్రాజెక్టులకు మరో విభాగం ఉన్నాయి. క్లయింట్ల పనులు రెండో దానిలోకి వెళ్లాలి. రిక్రూటర్ ఫోన్ చేసే ముందు చూసేది చాలాసార్లు ఆ పేజీలనే, అక్కడ ఇంకా పాత తొమ్మిది ఎంట్రీలే ఉంటే కొత్త రెజ్యూమె తెరిచేదాకా కూడా రాడు.