దిద్దుబాటు ముగిశాక ధర ఎంతవరకు?

ఫిబొనాచ్చి ఎక్స్‌టెన్షన్‌కు చార్టుపై 3 బిందువులు కావాలి: ర్యాలీ మొదలైన ధర, దాని శిఖరం, దిద్దుబాటు ఆగిన ధర. ఉదాహరణకు ఒక షేరు 100 రూపాయల నుంచి 150కి పెరిగి, 120కి తగ్గి, మళ్లీ పైకి తిరిగిందనుకుందాం. తొలి పెరుగుదల 50 రూపాయలు. దాన్ని 120కి కలిపితే మొదటి లక్ష్యం 170. అదే 50ని 1.618తో హెచ్చవేస్తే 80.90, అప్పుడు రెండో లక్ష్యం 200.90.

చాలామంది పొరబడేది మూడో బిందువు దగ్గరే. దిద్దుబాటు నిజంగా ముగిసిందో లేదో అప్పటికప్పుడు తెలియదు. ధర పాత శిఖరమైన 150ని దాటి ముగిస్తేనే కొంత నమ్మకం కుదురుతుంది. 120 కంటే దిగువకు జారితే లెక్క మొత్తం చెల్లదు, కొత్త కనిష్ఠంతో మళ్లీ గీయాలి. ధర ఈ స్థాయిలను తప్పక చేరాలన్న నియమమేదీ లేదు. అందుకే 170 దగ్గర కొంత లాభం తీసుకుని, మిగతా షేర్లకు స్టాప్‌లాస్‌ను పైకి జరపడం మేలు.