చేతికి రాని వడ్డీకీ పన్ను కోత

ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలో జీతాలకో సరుకుకో డబ్బు తక్కువైతే డైరెక్టరే సొంత సొమ్ము సర్దడం మామూలే. కంపెనీల చట్టం దీనికి అడ్డు చెప్పదు. అయితే ఆ డబ్బు మరొకరి దగ్గర అప్పు తెచ్చింది కాదని డైరెక్టరు రాసి ఇవ్వాలి. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్మయితే అలా రాసివ్వలేరు. అప్పుడది డిపాజిట్ కిందికి వెళ్లి, డిపాజిట్ల నిబంధనలన్నీ మీద పడతాయి. ఇంతవరకు జాగ్రత్తగా ఉన్నవాళ్లు కూడా వడ్డీ దగ్గర తప్పు చేస్తుంటారు.

ఒక డైరెక్టరు 2025 అక్టోబరు 1న తన కంపెనీకి రూపాయి వడ్డీకి 20 లక్షలు ఇచ్చారనుకుందాం. నెలకు 20 వేల చొప్పున మార్చి 31 నాటికి వడ్డీ 1,20,000 అవుతుంది. కంపెనీ దగ్గర డబ్బు లేదు కాబట్టి ఒక్క రూపాయీ చెల్లించలేదు. చెల్లించనప్పుడు టీడీఎస్ ఎందుకని అకౌంటెంటు వదిలేస్తారు. చిక్కంతా ఇక్కడే. వడ్డీని చెల్లించిన రోజు, పుస్తకాల్లో జమ రాసిన రోజు, ఈ రెంటిలో ఏది ముందైతే ఆ రోజే పన్ను కోయాలని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది. డైరెక్టరు పేరు లేకుండా ‘చెల్లించాల్సిన వడ్డీ’ అని వేరే ఖాతాలో రాసినా దాన్ని ఆయనకు జమ చేసినట్టే చూస్తారు.

కాబట్టి మార్చి 31న కంపెనీ ఖర్చు కింద 1,20,000 రాయాలి. అందులో పది శాతం, అంటే 12 వేలు టీడీఎస్ కింద పక్కన పెట్టి, మిగిలిన 1,08,000 డైరెక్టరు ఖాతాకు జమ చేయాలి. ఏడాది వడ్డీ పది వేలు దాటింది కాబట్టి ఈ కోత తప్పదు. పాన్ ఇవ్వకపోతే కోత ఇరవై శాతం. మార్చి నెలాఖరున జమ రాసిన వడ్డీ మీద పన్ను కట్టడానికి ఏప్రిల్ 30 వరకు గడువుంది. వడ్డీ ఇవ్వడానికి డబ్బు లేకున్నా ఈ 12 వేలు మాత్రం కంపెనీ ఎలాగోలా తేవాల్సిందే.

పన్ను కోయడం మరిచిపోతే నెలకు ఒక శాతం, కోసి కట్టకపోతే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ పడుతుంది. నెలలో కొన్ని రోజులైనా పూర్తి నెలే. కంపెనీ రిటర్ను గడువులోపు కూడా కట్టకపోతే వడ్డీ ఖర్చులో 30 శాతాన్ని, ఇక్కడ 36 వేలను, ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు. పన్ను కట్టిన ఏడాది ఆ ఖర్చు మళ్లీ చూపించుకోవచ్చు. లాభనష్టాల ఖాతాలోని వడ్డీని మూడు నెలలకోసారి వేసే టీడీఎస్ రిటర్నుతో పోల్చి చూస్తే ఈ పొరపాటు ఇట్టే బయటపడుతుంది.

డైరెక్టరు తన రిటర్నులో ఆదాయంగా చూపాల్సింది 1,08,000 కాదు, మొత్తం 1,20,000. కోసిన 12 వేలను తన పన్నులో తగ్గించుకుంటారు. తర్వాత ఎప్పుడో కంపెనీ ఆ 1,08,000 చేతికిచ్చినప్పుడు మళ్లీ కోత ఉండదు. అసలు వడ్డీయే వద్దనుకుంటే ఆ మాట అప్పు పత్రంలో మొదటి రోజే రాసుకోవాలి. డైరెక్టరు వడ్డీ తీసుకుని తీరాలని చట్టం ఎక్కడా అనలేదు.