పద్దు పద్దుకీ లెక్క తేలాలి

గ్రాంటు ఇచ్చిన సంస్థలో వినియోగ నివేదిక చదివే ఉద్యోగి ముందు మూడు కాగితాలుంటాయి. ఒకటి, ఒప్పందంతో పాటు ఆమోదించిన బడ్జెట్. రెండోది మనం పంపిన నివేదిక. మూడోది బ్యాంకు స్టేట్‌మెంట్. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా లేదా అన్నదే ఆయన చూసేది. స్వచ్ఛంద సంస్థలు పంపే నివేదికల్లో చాలావాటికి ప్రశ్నలు వెనక్కి రావడానికి కారణం డబ్బు పక్కదారి పట్టడం కాదు. ఖర్చు సక్రమంగానే జరిగి ఉంటుంది, కానీ దాత ఒక రకంగా విభజించిన డబ్బును మనం ఇంకో రకంగా విభజించి చూపిస్తాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక చిన్న సంస్థ పది ఊళ్లలో పిల్లలకు సాయంత్రం చదువు కేంద్రాలు నడపడానికి ఏడాదికి రూ.10,00,000 గ్రాంటు తీసుకుందనుకోండి. దాత ఆమోదించిన బడ్జెట్‌లో అయిదు పద్దులున్నాయి: టీచర్ల గౌరవ వేతనం, బోధన సామగ్రి, టీచర్ల శిక్షణ, పర్యవేక్షణ ప్రయాణాలు, కార్యాలయ ఖర్చులు. ఏడాది చివర సంస్థ పంపిన నివేదికలో మాత్రం మూడే ఉన్నాయి. కార్యక్రమ ఖర్చులు రూ.8,28,000, ప్రయాణాలు రూ.90,000, ఇతర ఖర్చులు రూ.74,000. మొత్తం రూ.9,92,000. కింద ఆడిటర్ సంతకం కూడా ఉంది.

ఈ కాగితం పట్టుకుని దాత ఏమీ సరిచూడలేరు. ప్రయాణాలకు ఆమోదించింది రూ.80,000 అయితే రూ.90,000 ఎందుకైందో తెలియదు. రూ.74,000 ‘ఇతర’ ఖర్చులేమిటో తెలియదు. పద్దులు ఇలా మారిపోవడానికి కారణం సంస్థ టాలీలో ఉంటుంది. అకౌంటెంట్ తన లెడ్జర్లను ఖర్చు స్వభావాన్ని బట్టి పెట్టుకుంటాడు: బస్సు టికెట్ అయితే ప్రయాణం, జిరాక్సు అయితే ఇతరం. దాత బడ్జెట్ ఖర్చు ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది. అందుకే తిరగరాసే పని నివేదికతో మొదలు కాదు, ఓచర్లతో మొదలవుతుంది. ఒక్కో ఓచర్ తీసి, ఇది దాత బడ్జెట్‌లో ఏ పద్దు కిందికి వస్తుందో పెన్సిల్‌తో రాసుకుంటూ పోవాలి.

అలా చూస్తే ‘ప్రయాణాలు’లో రూ.16,000 శిక్షణకు వచ్చిన టీచర్ల బస్సు చార్జీలని తేలింది. అది శిక్షణ పద్దుకు వెళ్లాలి. ‘ఇతర ఖర్చులు’లో రూ.24,000 పిల్లల వర్క్‌షీట్ల జిరాక్సు. అది బోధన సామగ్రి. ‘కార్యక్రమ ఖర్చులు’లో ఇంకో సంగతి బయటపడింది: రూ.20,000 తర్వాతి శిక్షణ కోసం హాలుకు ఇచ్చిన అడ్వాన్సు. మార్చి 31 నాటికి శిక్షణ జరగలేదు, బిల్లు రాలేదు. చేతి నుంచి డబ్బు వెళ్లింది కాబట్టి ఖర్చయిందనే రాసేశారు. అడ్వాన్సు ఖర్చు కాదు. దాన్ని విడిగా చూపకపోతే, బిల్లు వచ్చిన ఏడాది అదే మొత్తం రెండోసారి ఖర్చుగా కనిపించే ప్రమాదం ఉంది.

తిరగరాశాక పట్టిక ఇలా వచ్చింది:

| పద్దు | ఆమోదించింది (రూ.) | ఖర్చు (రూ.) | తేడా (రూ.) |
|---|---|---|---|
| 1. గౌరవ వేతనం | 6,00,000 | 5,90,000 | 10,000 మిగులు |
| 2. బోధన సామగ్రి | 1,50,000 | 1,62,000 | 12,000 అదనం |
| 3. శిక్షణ | 1,20,000 | 96,000 | 24,000 మిగులు |
| 4. ప్రయాణాలు | 80,000 | 74,000 | 6,000 మిగులు |
| 5. కార్యాలయం | 50,000 | 50,000 | 0 |
| మొత్తం | 10,00,000 | 9,72,000 | 28,000 మిగులు |

పద్దుల పేర్లు, వాటి వరస బడ్జెట్‌లో ఉన్నట్టే ఉండాలి, ఒక్క మాట కూడా మార్చకూడదు. తేడా ఉన్న ప్రతి పద్దుకూ కింద ఒక వాక్యం చాలు. అయితే ఆ వాక్యంలో లెక్క ఉండాలి. ‘అవసరాన్ని బట్టి సామగ్రి ఎక్కువ కొన్నాం’ అంటే ఎవరూ సరిచూడలేరు. ‘పిల్లలు 240 నుంచి 265కి పెరిగారు, అదనంగా 25 సెట్లు, సెట్టు రూ.480 చొప్పున రూ.12,000’ అంటే హాజరు పట్టిక, దుకాణం బిల్లు పక్కపక్కన పెట్టుకుని ఎవరైనా చూసుకోగలరు. వేతనం సంగతీ అంతే. పది మందికి నెలకు రూ.5,000 చొప్పున పన్నెండు నెలలకు 120 చెల్లింపులు ఉండాలి. ఒక కేంద్రం రెండు నెలలు ఆలస్యంగా మొదలైంది కాబట్టి 118 ఉన్నాయి. దాత ప్రతినిధి టీచర్ల హాజరు రిజిస్టర్లు తెరిస్తే అక్కడా 118 నెలలే కనిపించాలి.

పట్టిక తర్వాత అందరూ వదిలేసేది బ్యాంకుతో కలిపే లెక్క. నా దృష్టిలో నివేదిక మొత్తానికీ ప్రాణం అదే. గ్రాంటు రూ.10,00,000, దానిపై బ్యాంకు వడ్డీ రూ.9,000, ఖర్చు పోను మిగలాల్సింది రూ.37,000. పాస్‌బుక్‌లో మార్చి 31న రూ.25,000 ఉంది. ఈ తేడా చూడగానే చదివేవారికి అనుమానం వస్తుంది. కానీ పాస్‌బుక్‌లోని డబ్బులో రూ.8,000 మార్చి 29న ప్రింటర్‌కు ఇచ్చిన చెక్కుది, అది ఇంకా క్లియర్ కాలేదు. అది తీసేస్తే రూ.17,000. హాలు దగ్గరున్న అడ్వాన్సు రూ.20,000 కలిపితే సరిగ్గా రూ.37,000. ఈ నాలుగు వరసలు రాస్తే, ఏప్రిల్ స్టేట్‌మెంట్‌లో ఆ చెక్కు పాసైందో లేదో చూసుకుని దాత నిర్ధారించుకోవచ్చు.

ఇక అనుబంధాలు. ప్రతి పద్దుకూ ఒక జాబితా ఉండాలి. అందులో తేదీ, ఓచర్ నంబరు, ఎవరికి ఇచ్చారు, మొత్తం ఎంత అన్నవి చాలు. జాబితా అడుగున వచ్చే మొత్తం పట్టికలోని అంకెతో రూపాయి కూడా తేడా రాకూడదు. తనిఖీకి వచ్చేవారు అన్ని బిల్లులూ చూడరు. పెద్ద మొత్తాలు, మార్చి చివరి వారంలో పడ్డ బిల్లులు ముందు అడుగుతారు. అవి వెంటనే దొరికేలా ఓచర్ మీద పద్దు సంఖ్య కూడా వేయాలి. మూడో పద్దు పద్నాలుగో ఓచర్ అయితే 3/14. బిల్లు మీద గ్రాంటు పేరున్న ముద్ర తప్పనిసరి, లేకపోతే అదే బిల్లును ఇంకో దాతకూ చూపారా అన్న ప్రశ్నకు జవాబుండదు. ఒకే జీపు అద్దెను రెండు ప్రాజెక్టులు పంచుకుంటే మొత్తం బిల్లెంత, ఈ గ్రాంటు వాటా ఎంత, ఏ లెక్కన పంచారు అన్నది ఓచర్ మీదే రాయాలి.

డబ్బు ఎక్కడిదన్నదాన్ని బట్టి కొన్ని పద్దులకు చట్టం బరువు కూడా ఉంటుంది. విదేశీ విరాళమైతే, 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ సవరించాక ఏడాదిలో అందిన దానిలో 20 శాతానికి మించి పరిపాలన ఖర్చులకు వాడకూడదు. అందుకే కార్యాలయ ఖర్చును ‘ఇతరం’లో కలిపేయడం అక్కడ చిన్న విషయం కాదు. కంపెనీల సీఎస్‌ఆర్ డబ్బయితే, ఆమోదించిన విధంగానే వాడారని ఆ కంపెనీ ముఖ్య ఆర్థికాధికారి ధ్రువీకరించాలి. అంటే మన నివేదిక మీద ఆధారపడి ఆయన సంతకం పెడుతున్నారు. కేంద్ర ప్రభుత్వ గ్రాంటయితే జీఎఫ్‌ఆర్ 2017లోని 12-ఎ నమూనాలోనే ఇవ్వాలి. దాన్ని మనం మార్చలేం కానీ, పైన చెప్పిన పట్టికను, బ్యాంకు లెక్కను దానికి జత చేయవచ్చు. చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే ధ్రువపత్రం మీద 18 అంకెల యూడీఐఎన్ ఉంటుంది. ఆ పత్రం నిజమైనదో కాదో దాత దానితో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.

ఇంత చేసినా, కాగితాలు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయన్న సంగతే ఈ నివేదిక చెబుతుంది. పిల్లలకు చదవడం వచ్చిందా, దుకాణం వేసిన ధర న్యాయమైనదేనా అన్నది ఇందులో తేలదు. వాటికి కేంద్రాలకు వెళ్లి చూడాలి, కొటేషన్లు అడగాలి.

చివరగా మిగిలిన రూ.37,000 సంగతి. నివేదికలోనే దాన్ని రెండుగా విడదీసి రాయాలి. గ్రాంటు మిగులు రూ.28,000, వడ్డీ రూ.9,000. అందులో రూ.20,000 అడ్వాన్సు మే నెల శిక్షణకు సర్దుబాటవుతుందని, ఆ బిల్లును వచ్చే నివేదికలో మూడో పద్దు కింద చూపుతామని రాయాలి. బ్యాంకులో ఉన్న రూ.17,000 తిరిగి పంపమంటారా, వచ్చే ఏడాదికి కొనసాగించమంటారా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా ఆ డబ్బు ముట్టుకోకూడదు.