కౌలుదారు పేరు రికార్డులో తప్పు పడితే... పోచయ్య బుచ్చయ్య అయిన కథ, తహసీల్దారుకు రాయాల్సిన దరఖాస్తు

రామగుండం, గోదావరిఖని చుట్టుపక్కల ఊళ్లలో భూమి రికార్డులో ఒక్క అక్షరం తప్పు ఉన్నా ఏళ్ల తరబడి ఎవరికీ పట్టింపు ఉండదు. పొలం దున్నేవాడు దున్నుతూనే ఉంటాడు. ఓపెన్ కాస్ట్ గని కోసం భూసేకరణ నోటీసు వచ్చిన రోజే ఆ అక్షరం గుర్తుకొస్తుంది. నోటీసులో బుచ్చయ్య అని ఉంటుంది. ఇంట్లో ఉన్న కాగితంలో పోచయ్య. మనవడు రెండు కాగితాలూ పట్టుకుని తహసీల్ ఆఫీసుకు పోతే "ఇది మీ తాతే అని రుజువేంది?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే అది.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. కౌలు రైతు అని మనం అనేవాళ్లలో రెండు రకాలున్నారు. ఈ ఏడాది ఎకరానికి ఇంత అని మాట్లాడుకుని పొలం పట్టినవాడు ఒకరు. అతని పేరు హక్కుల రికార్డులో ఉండదు. ధరణి రాకముందు పహాణీలో అనుభవదారు అనే కాలమ్ ఉండేది, ధరణిలో అది పోయింది. రికార్డులో లేని పేరుకు సవరణ అడిగితే ఆఫీసు చేయగలిగేది ఏమీ లేదు. అతనికి కావాల్సింది 2011 నాటి సాగుదారుల చట్టం కింద ఇచ్చే రుణ అర్హత కార్డు లాంటి వేరే కాగితం, అది కూడా ఏడాదికే చెల్లుతుంది. తెలంగాణలో ఆ కార్డులు సరిగ్గా అందడం లేదన్నది కౌలు రైతుల పాత ఫిర్యాదు.

రెండో రకం రక్షిత కౌలుదారు. ఆఫీసు భాషలో పీటీ అంటారు. 1950లో వచ్చిన హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం ప్రకారం, నిర్ణయించిన కాలంలో వరుసగా ఆరేళ్లు ఒకే భూమిని సాగు చేసినవారిని రక్షిత కౌలుదారులుగా గుర్తించి రిజిస్టర్‌లో ఎక్కించారు. ఆ హక్కు వారసులకు వస్తుందని అదే చట్టం 40వ సెక్షన్ చెబుతుంది. తర్వాత 38-ఇ సెక్షన్ కింద చాలామందికి యాజమాన్య సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు. పేరు సవరణ దరఖాస్తు అసలు పనికొచ్చేది వీళ్ల వారసులకే, ఎందుకంటే వీళ్ల పేరు రికార్డులో ఉంది, తప్పుగా ఉంది.

తప్పు ఎలా పడింది? ఇక్కడ ఉర్దూ తెలిసిన పాఠకులకు వెంటనే అర్థమయ్యే సంగతి ఒకటుంది. పాత హైదరాబాద్ రాష్ట్రంలో రెవెన్యూ భాష ఉర్దూ. సేత్వార్, ఖాస్రా పహాణీ, కౌలుదారుల రిజిస్టర్ వంటివి చాలా ఊళ్లలో ఉర్దూ లిపిలోనే ఉన్నాయి. పట్వారీ ఊళ్లో విన్న తెలుగు పేరును ఉర్దూలో రాశాడు. దశాబ్దాల తర్వాత ఇంకో గుమస్తా ఆ ఉర్దూను చూసి మళ్లీ తెలుగులోకి దించాడు. పేరు రెండుసార్లు నది దాటింది, ఒక్కోసారి కొంచెం తడిసింది.

పోచయ్య అనే పేరునే చూడండి. ఉర్దూలో 'పే' అక్షరానికి కింద మూడు చుక్కలు, 'బే' అక్షరానికి ఒక చుక్క. గీత రెండింటికీ ఒకటే. తొందర రాతలో మూడు చుక్కలు కలిసిపోయి ఒక మచ్చలా పడితే పే కాస్తా బే అవుతుంది. దాని తర్వాత వచ్చే 'వావ్' ఒక్క అక్షరమే ఉ, ఊ, ఒ, ఓ అన్నిటికీ సరిపోతుంది. చ వత్తు తెలిపే తష్దీద్ గుర్తును రోజువారీ రాతలో ఎవరూ పెట్టరు. అంటే ఆ కాగితం మీద పోచయ్యకూ బుచ్చయ్యకూ తేడా రెండు చుక్కలే. చదివేవాడికి ఊరు తెలియకపోతే ఏది తోస్తే అది రాస్తాడు.

ముస్లిం రైతుల పేర్లకు ఇదే ఇబ్బంది ఎదురు దిశలో వచ్చింది. ఉర్దూలో ఖాసిం అని శుభ్రంగా ఉన్న పేరు తెలుగు పహాణీలో కాశిం అయ్యింది, హుస్సేన్ ఉసేన్ అయ్యింది. ఆధార్‌లో ఒకటి, పాస్‌బుక్‌లో ఇంకొకటి. అంకెలు కూడా నమ్మదగ్గవి కావు. ఉర్దూ రెండు, మూడు అంకెలకు తేడా పైన ఒక్క పన్ను మాత్రమే, కాబట్టి పేరుతో పాటు సర్వే నంబర్‌ను కూడా అసలు కాగితంలో చూసుకోవాలి.

అందుకే మొదటి పని దరఖాస్తు రాయడం కాదు, ఉర్దూ అసలు పేజీ తీయడం. తహసీల్ ఆఫీసులో కౌలుదారుల రిజిస్టర్, ఖాస్రా పహాణీ పేజీల సర్టిఫైడ్ కాపీలు అడగాలి. ఇవ్వకపోతే ఐదు రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, సమాధానానికి 30 రోజుల గడువు. తెలుగులో తిరగరాసిన నకలు ఇస్తామంటే అది వద్దు. తప్పు పుట్టిందే ఆ నకలులో. ఉర్దూ పేజీ ఫోటోకాపీ మీదే ముద్ర, సంతకం ఉండాలి. చదివి తెలుగులో రాసి ఇచ్చే పని గుర్తింపు ఉన్న అనువాదకుడితో చేయించాలి. ఇంట్లో ఉర్దూ వచ్చిన పెద్దాయన చదివింది మనకు అర్థం కావడానికి పనికొస్తుంది, ఫైల్లో మాత్రం నిలవదు.

కాపీ చేతికొచ్చాక చూడాల్సింది పేరు ఒక్కటే కాదు. ఉర్దూ రికార్డులో పేరు తర్వాత 'వల్ద్' అని వస్తుంది, ఫలానావారి కొడుకు అని అర్థం. 'వల్ద్ రాజయ్య' అని ఉండి, తెలుగు నకలులో కూడా బుచ్చయ్య తండ్రి రాజయ్య అనే ఉంటే, సర్వే నంబర్, విస్తీర్ణం రెండింట్లో ఒకటే అయితే, ఇద్దరూ ఒక్కరే అనడానికి ఆధారం గట్టిది. అదే రిజిస్టర్‌లో మిగతా పేజీలు కూడా తిప్పాలి. ఊళ్లో నిజంగానే ఇంకో బుచ్చయ్య, వేరే తండ్రి పేరుతో, వేరే సర్వే నంబర్‌లో ఉన్నాడా? ఉంటే అతని ఎంట్రీ కాపీ కూడా తీసి జత చేయాలి. దాన్ని దాచిపెడితే రేపు విచారణలో ఆ మనిషి వారసులే తెచ్చి చూపిస్తారు, అప్పుడు మన మాటకు విలువ పోతుంది.

ఇక దరఖాస్తు. చాలామంది ఇలా రాస్తారు: "మా తాత కాలం నుంచి ఈ భూమి మేమే దున్నుతున్నం, కావున మా పేరున పట్టా చేయగలరు." ఇందులో అబద్ధం లేకపోవచ్చు. కానీ ఈ ఒక్క వాక్యంతో ఫైలు దారి మారిపోతుంది. ఇది సవరణ కాదు, హక్కు కోరడం. పట్టాదారు ఒప్పుకోడు, ఆఫీసు దీన్ని హక్కుల తగాదాగా చూసి సివిల్ కోర్టుకు పొమ్మంటుంది. పేరు తప్పు గురించిన దరఖాస్తులో నిరూపించాల్సింది ఒక్కటే, రెండు పేర్లు ఒకే మనిషివి అని. వారసత్వం, స్వాధీనం, పరిహారం అన్నిటికీ వేరే దరఖాస్తులు ఉంటాయి.

ఉదాహరణకు ఒక నమూనా. పేర్లు, నంబర్లు కల్పితం:

"గౌరవనీయులైన తహసీల్దారు గారికి. మా గ్రామ సర్వే నంబర్ 214లో 3 ఎకరాల 20 గుంటలకు రక్షిత కౌలుదారుల రిజిస్టర్‌లో ఉర్దూలో మా తాత పేరు పోచయ్య వల్ద్ రాజయ్య అని నమోదై ఉన్నది. తెలుగులో తయారు చేసిన నకలులో అదే సర్వే నంబర్, అదే విస్తీర్ణం, అదే తండ్రి పేరుతో బుచ్చయ్య అని పడినది. ఉర్దూ లిపిలో ఈ రెండు పేర్లకు చుక్కల తేడా మాత్రమే ఉన్నందున తిరగరాతలో పొరపాటు జరిగినది. ఉర్దూ పేజీ సర్టిఫైడ్ కాపీ, అనువాదం, ఖాస్రా పహాణీ కాపీ, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతపరిచాను. గ్రామంలో విచారణ జరిపి, పట్టాదారుకు నోటీసు ఇచ్చి, బుచ్చయ్య అను పేరును పోచయ్యగా సవరించగలరని ప్రార్థన. ఈ దరఖాస్తులో పేరు సవరణ తప్ప ఇతర హక్కును కోరుటలేదు."

పట్టాదారుకు నోటీసు ఇవ్వమని మనమే ఎందుకు అడగాలి అని కొందరికి అనిపించవచ్చు. అవతలివారికి చెప్పకుండా ఇచ్చిన ఉత్తర్వు అప్పీలులో మొదటి రోజే కొట్టుడుపోతుంది. నోటీసు వెళ్లి, ఆయన చెప్పింది విన్నాక వచ్చిన ఉత్తర్వు నిలబడుతుంది.

కౌలుదారీ చట్టం కింద మొదటి అధికారి తహసీల్దారే, కాబట్టి దరఖాస్తు అక్కడ ఇవ్వాలి. ఒక కాపీ ఆర్డీవోకు కూడా ఇవ్వడం మంచిది. 38-ఇ సర్టిఫికెట్ వచ్చి, పాస్‌బుక్ కూడా ఉండి, అందులో పేరు తప్పు పడితే దారి వేరు. 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లో ఉన్న భూభారతి చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. అది తప్పు రకాన్ని బట్టి ఆర్డీవో దగ్గరికో కలెక్టర్ దగ్గరికో వెళ్తుంది. రెండు దారులు కలిపి ఒకే కాగితంలో రాస్తే ఒక సెక్షన్ ఇంకో సెక్షన్‌కు పంపుతూ కూర్చుంటుంది.

గని ఊళ్లలో వీటన్నిటి మీదా ఒక గడియారం తిరుగుతుంది. 2013 భూసేకరణ చట్టంలో 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక కలెక్టర్ భూమి రికార్డులను తాజా పరచాలి, దానికి రెండు నెలలు. నోటిఫికేషన్ మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి 60 రోజులు. పేరు సవరణ అడగడానికి సరైన కాలం ఇదే. ఆ తర్వాత 21వ సెక్షన్ నోటీసులో క్లెయిమ్ చేసుకునే వీలుంది, కానీ అప్పటికి పేరు తేలకపోతే అవార్డు ప్రకటించి, డబ్బును ఇద్దరిలో ఎవరికీ ఇవ్వకుండా అథారిటీ దగ్గర జమ చేస్తారు. డబ్బు ఉంటుంది, చేతికి రాదు. పోచయ్య మనవడు, పట్టాదారు మనవడు ఇద్దరూ లాయర్లకు తిరుగుతారు.

పీటీ కాగితం లేని మామూలు కౌలు రైతుకు కూడా ఈ చట్టంలో ఒక చోటు ఉంది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో కౌలుకు సాగు చేస్తూ, దాని మీదే ప్రధానంగా బతికే కుటుంబం బాధిత కుటుంబం కిందికి వస్తుంది. భూమి ధర రాదు, పునరావాస ప్రయోజనాలకు అర్హత ఉంటుంది. అతనికి రికార్డు సవరణ దరఖాస్తు పనికిరాదు. మూడేళ్ల కౌలు కాగితాలు, పంట నమోదు వివరాలు, ధాన్యం లేదా పత్తి అమ్మిన రసీదులు దాచుకోవాలి, సామాజిక ప్రభావ సర్వేకు వచ్చినవాళ్ల జాబితాలో ఇంటి పేరు ఎక్కిందో లేదో చూసుకోవాలి. ఆ జాబితాలో కూడా పేరు ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం పొల్లు పోకుండా రాయించుకోవాలి.

దరఖాస్తు ఇచ్చిన రోజు ఇన్‌వార్డ్ నంబర్, తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోవాలి. "పెట్టిపో, చూస్తం" అంటే కదలొద్దు. ఉర్దూ పేజీ జత చేసినట్టు ఆ రసీదు మీదే రాయించాలి. విచారణకు వచ్చిన అధికారి పంచనామా రాస్తే సంతకం పెట్టేముందు అందులో తాత పేరు ఎలా రాశారో చదవాలి, కొత్త తప్పు ఎక్కువగా అక్కడే పడుతుంది. తిరస్కరిస్తే నోటిమాట సరిపోదు, కారణాలతో రాతపూర్వక ఉత్తర్వు అడగాలి. కౌలుదారీ చట్టం 90వ సెక్షన్ కింద అప్పీలుకు పోవాలంటే ఆ ఉత్తర్వు కాపీ, దాని తేదీ చేతిలో ఉండాలి.